కంబాట్, యాంకిల్, రైడింగ్, కౌబాయ్ బూట్లను అతుకు కుట్లు చూసి గుర్తుపట్టడం

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఒక బ్రౌన్ బూటు నచ్చింది. పేరేమో "రైడింగ్ బూట్". షాఫ్ట్ 12 అంగుళాలు, పైన చుట్టుకొలత 14.5, హీల్ 1.5, స్నిప్ టో, లోపలి వైపు జిప్ అని రాశారు. ఫొటోలో చూస్తే రెండు పక్కలా నిలువు కుట్టు, పైన ముందువైపు లోతైన వంపు, పిక్క మీద డిజైన్ కుట్లు కనిపిస్తున్నాయి. నాకైతే కౌబాయ్ బూటులా ఉంది. ఇంకోచోట 5 అంగుళాల బూటుకి "కంబాట్" అని పెట్టారు. ఏది ఏదో ఎలా తెలుసుకోవాలి? కొత్తగా గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నాను, దానికి ఈ బ్రౌన్ బూటు పనికొస్తుందా?

జవాబు:

మీ అనుమానం నిజమే. మీరు రాసినదాన్ని బట్టి అది కౌబాయ్ బూటు కోతతో చేసిన ఫ్యాషన్ బూటు. రెండోది లేసులున్న యాంకిల్ బూటు, కంబాట్ బూటు పోలిక తెచ్చుకుంది, అంతే. స్వారీ విషయం సోల్ మీద ఆధారపడుతుంది, అక్కడికి చివర్లో వస్తాను.

బూట్ల పేర్లలో ఇంత గందరగోళం ఉండటానికి కారణం ఉంది. అమ్మేవాళ్లు ఎత్తు చూసి పేరు పెట్టేస్తారు. పిక్క దాకా వస్తే రైడింగ్, లేసులుంటే కంబాట్, మొన సన్నగా ఉంటే కౌబాయ్. ఎత్తు, టో ఆకారం, కుట్లు అనే మూడు గుర్తుల్లో నేను అన్నిటికన్నా తక్కువ నమ్మేది ఎత్తునే. టో ఆకారం కొంచెం నయం, కానీ అది ఫ్యాషన్‌తో మారిపోతుంది. బాగా నమ్మదగినవి కుట్లు. కుట్లంటే అలంకారం కుట్లు కాదు, తోలు ముక్కలు ఎక్కడెక్కడ కలిశాయో చూపించే కుట్లు. తోలును ఎలా కోశారో అవి చెప్పేస్తాయి. ఏ పని కోసం ఆ నమూనా పుట్టిందో దానికి తగ్గట్టే ఆ కోత ఉంటుంది. సోల్ మార్చవచ్చు, మొన మార్చవచ్చు, కానీ అతుకులు చోటు మారితే అది వేరే బూటే.

ముందు ఎత్తు సంగతి. షాఫ్ట్ అంటే పాదం పైన కాలిని చుట్టుకుని ఉండే భాగం. ఆన్‌లైన్‌లో "షాఫ్ట్ 12 అంగుళాలు" అని రాస్తే ఎక్కువగా పాదం లోపలి వంపు దగ్గర, తోలు సోల్‌ను కలిసే చోటు నుంచి పై అంచు దాకా కొలిచారని అర్థం. హీల్ అందులో కలవదు. పొడవాటి రైడింగ్ బూట్లలో మాత్రం చాలాసార్లు వెనకవైపు మడమ నుంచి పైదాకా కొలుస్తారు. కొందరు హీల్‌ను కూడా కలిపేసి నేల నుంచి కొలుస్తారు. అందుకే ఒకే బూటుకి రెండు చోట్ల అంగుళం, అంగుళంన్నర తేడా కనిపిస్తుంది. 8 అంగుళాలు, 9 అంగుళాలు అని పోల్చుకునే ముందు ఎక్కడి నుంచి కొలిచారో అడగండి. చెప్పలేకపోతే ఆ అంకెకు పెద్ద విలువ ఇవ్వకండి.

ఇది గుర్తుపెట్టుకుని చూస్తే ఎత్తులు మామూలుగా ఇలా ఉంటాయి. యాంకిల్ బూటు చీలమండను కప్పి, దాని పైన కొద్దిగా ఆగిపోతుంది. నాలుగు నుంచి ఆరు అంగుళాలు. కంబాట్ బూటు ఎనిమిది నుంచి పది. అమెరికా సైన్యం దుస్తుల నిబంధనలు కూడా 8 నుంచి 10 అంగుళాలనే చెబుతాయి. కౌబాయ్ బూటు సాధారణంగా 11 నుంచి 13. రోపర్ అనే పొట్టి రకం 8 నుంచి 10 దగ్గర ఆగుతుంది. పొడవాటి ఇంగ్లిష్ రైడింగ్ బూటు దాదాపు మోకాలి వెనక మడత దాకా వస్తుంది కాబట్టి 16 నుంచి 19 అంగుళాల దాకా ఉంటుంది. చూశారా, రోపర్‌దీ కంబాట్‌దీ ఒకటే ఎత్తు. అంకె ఒక్కటే చూసి ఏదీ తేల్చలేమనడానికి ఇది చాలు.

ఆ ఎత్తులకు కారణాలు కూడా వేరువేరు. రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో అమెరికన్ సైనికులు పొట్టి సర్వీస్ బూటు వేసుకుని, దాని మీద గుడ్డతో చేసిన లెగ్గింగ్ కట్టుకునేవాళ్లు. అది విప్పడం, కట్టడం పెద్ద తలనొప్పి. 1943 నమూనా అమెరికన్ బూటులో ఆ లెగ్గింగ్ తీసేసి, పొట్టి బూటు పైనే రెండు బకిళ్లున్న తోలు పట్టీ కుట్టేశారు. అంటే కంబాట్ బూటు ఎత్తు ప్యాంటు అంచును పట్టుకోవడానికి, ఇసుక, రాళ్లు, తడి లోపలికి రాకుండా ఆపడానికి వచ్చింది. లేసులు ఉంటాయి కాబట్టి అంత ఎత్తున్నా కాలు సులువుగా దూరుతుంది, తర్వాత బిగించుకోవచ్చు.

కౌబాయ్ బూటులో లేసులు లేవు. కాలు జారితే రికాబులో బూటు ఇరుక్కున్నా పాదం బయటికి వచ్చేయాలన్నది అందుకు చెప్పే కారణాల్లో ఒకటి. ఎత్తు దేనికంటే ముళ్ల పొదలు, జీనుకు వేలాడే తోలు పట్టీలు పిక్కను గీరకుండా. అందుకే కౌబాయ్ షాఫ్ట్ కాలికి వదులుగా ఉంటుంది, ఉండాలి కూడా. ఇంగ్లిష్ రైడింగ్ బూటు దీనికి పూర్తిగా వ్యతిరేకం. స్వారీ చేసేవాడు పిక్కతో గుర్రానికి సూచన ఇస్తాడు కాబట్టి తోలు కాలికి అతుక్కుని ఉండాలి. వదులుగా ఉంటే మడతపడి రాపిడి పుడుతుంది. ఒకే "పొడవాటి బూటు" అనిపించే ఈ రెండిట్లో చుట్టుకొలత లెక్కే వేరు.

ఈ తేడా వల్లే రైడింగ్ బూటు ఎత్తు కొనేటప్పుడు జాగ్రత్త కావాలి. కుర్చీలో కూర్చుని, పాదం నేలకు ఆనించి, మోకాలు తొంభై డిగ్రీలు వంచి, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా కొలవాలి. పిక్క చుట్టుకొలత అన్నిటికన్నా లావుగా ఉన్నచోట, స్వారీకి వేసుకునే ప్యాంటు మీదే కొలవాలి. కొత్త బూటు మోకాలి వెనక కొంచెం గుచ్చుకునేంత పొడుగ్గా ఉంటే కంగారు పడకండి. చీలమండ దగ్గర తోలు మడతలు పడ్డాక షాఫ్ట్ ఒక అంగుళం దాకా కిందికి దిగుతుంది. కొత్తలోనే సరిగ్గా సరిపోయిన బూటు కొన్నాళ్లకు పొట్టిదైపోతుంది. చాలా బూట్లలో పై అంచు బయటివైపు లోపలివైపు కన్నా కొద్దిగా ఎత్తుగా, వాలుగా కోసి ఉంటుంది. కాలు పొడవుగా కనిపించడానికి చేసే కోత అది. రైడింగ్ బూటును ఫొటోలో గుర్తుపట్టడానికి అది కూడా పనికొస్తుంది.

ఇక టో. కంబాట్ బూటు ముందు భాగం గుండ్రంగా, ఎత్తుగా ఉంటుంది. మందమైన సాక్స్‌తో వేళ్లు కదలాలి, రోజంతా నడవాలి. అమెరికా సైన్యపు నిబంధనల్లో మామూలు కంబాట్ బూటుకి సాదా టోనే ఉంటుంది, పైన అదనపు తోలు ముక్క కుట్టకూడదు. పారాట్రూపర్ల జంప్ బూటుకి మాత్రం టో క్యాప్ ఉంటుంది. క్యాప్ ఉన్న బూటు ఏదైనా కొనేటప్పుడు ఒకటి చూడండి. క్యాప్ అంచు కుట్టు, నడిచేటప్పుడు వేళ్లు వంగే చోటు కన్నా ముందే ఆగిపోవాలి. ఆ కుట్టు సరిగ్గా వంగే గీత మీద పడితే ప్రతి అడుగుకూ దారం లాగుకుంటుంది, వేలి కణుపు మీద గుచ్చుకుంటుంది. ఖరీదైన ఫ్యాషన్ బూట్లలో కూడా ఈ తప్పు కనిపిస్తుంది.

కౌబాయ్ టో గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది: మొన సూదిలా ఉంటే పాదం రికాబులోకి సులువుగా దూరుతుందని. వినడానికి బాగుంటుంది. కానీ 19వ శతాబ్దపు పశువుల కాపరుల బూట్లు ఎక్కువగా గుండ్రంగా లేదా చదరంగా ఉండేవి. సన్నటి మొన బాగా వ్యాపించింది 20వ శతాబ్దం మధ్యలో. ఇప్పుడైతే గుండ్రం, సన్న మొన, స్నిప్, చదరం, వెడల్పు చదరం అన్నీ దొరుకుతాయి, అన్నీ కౌబాయ్ బూట్లే. స్నిప్ అంటే సన్నటి మొన చివర కొంచెం కోసేసినట్టు చదునుగా ఉండటం. కాబట్టి "స్నిప్ టో ఉంది కనక కౌబాయ్" అనడం కొంతవరకు సబబే, ఎందుకంటే మిగతా మూడు రకాల్లో అది అరుదు. "గుండ్రంగా ఉంది కనక కౌబాయ్ కాదు" అనడం మాత్రం తప్పు.

సన్న మొన బూటు కొనేవాళ్లకు ఒక మాట. వేళ్లు ఆ మొనలో కూర్చోవు. మొన వేళ్ల అవతల ఖాళీగా ఉంటుంది. పొడవు చూసి పెద్ద సైజు వచ్చిందనుకుని ఒక సైజు తగ్గించి తీసుకుంటే పాదం ముందువైపు వెడల్పు భాగం తప్పు చోట కూర్చుని బొటనవేలి పక్కన నొప్పి మొదలవుతుంది. పాదం వెడల్పు భాగం బూటు వెడల్పు భాగంలో కూర్చుందా అన్నదే చూడాలి. లేసులు లేని బూటును పట్టుకుని ఉంచేది పాదం పైభాగం. అక్కడ గట్టిగా, నొక్కకుండా పట్టుకుంటే చాలు. మడమ కొత్తలో కొద్దిగా లేస్తుంది. సోల్ వంగడం మొదలయ్యాక అది తగ్గుతుంది.

రైడింగ్ బూటు టో గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గుండ్రంగా లేదా మెత్తటి చదరంగా ఉంటుంది. యాంకిల్ బూటుకైతే ఏ మొనైనా ఉండొచ్చు, ఆ పేరు ఎత్తును మాత్రమే చెబుతుంది కాబట్టి.

ఇప్పుడు అసలు విషయం, కుట్లు. బూటు ఫొటో దొరికితే నేను ముందు పక్కనుంచి చూస్తాను, తర్వాత వెనకనుంచి.

కౌబాయ్ షాఫ్ట్ రెండు పెద్ద ముక్కలు, ముందొకటి, వెనకొకటి. అవి రెండు పక్కలా నిలువుగా కలుస్తాయి. ఆ అతుకులో సన్నటి తోలు పైపింగ్ పెట్టి కుడతారు, పైనుంచి కిందిదాకా ఒక గీతలా కనిపిస్తుంది. షాఫ్ట్ ముందు మధ్యలోనూ, వెనక మధ్యలోనూ అతుకు ఉండదు. పై అంచు ముందూ వెనకా కిందికి వంపు తిరిగి ఉంటుంది. బూటు లాక్కోవడానికి పక్క అతుకుల మీదే తోలు పట్టీలు ఉంటాయి, కొన్నిట్లో పట్టీల బదులు చేతి వేళ్లు దూరే రంధ్రాలు. కింద పాదం మీద కప్పే ముక్క పైకి నాలుకలా సాగి షాఫ్ట్ మీద కుట్టుకుని ఉంటుంది, మడమ చుట్టూ ఇంకో ముక్క. ఈ నమూనా ఎంత ఎత్తులో కనిపించినా, మొన ఎలా ఉన్నా అది కౌబాయ్ బూటే.

ఇంగ్లిష్ రైడింగ్ బూటులో చూడాల్సింది లోపలి వైపు, గుర్రాన్ని తాకే వైపు. అక్కడ ఉబ్బెత్తు కుట్టు ఉంటే జీనుకూ పిక్కకూ మధ్య ఒరుసుకుంటుంది. అందుకే ఆ వైపు ఒకే పెద్ద చదునైన తోలు ముక్క ఉంటుంది, దాని మీద రాపిడి తట్టుకునే ఇంకో పొర కుడతారు. ప్రధాన అతుకు, ఇప్పటి బూట్లలో జిప్ కూడా, సాధారణంగా వెనక మధ్యగా పైనుంచి మడమ దాకా వెళ్తుంది. వీటిలో రెండు రకాలు. చీలమండ ముందు చిన్న లేసులుంటే ఫీల్డ్ బూటు, లేసులే లేకుండా నున్నగా ఉంటే డ్రెస్ బూటు. ఆ లేసులు అలంకారం కాదు. గుర్రంతో అడ్డంకులు దూకించే పోటీల్లో రికాబులు పొట్టిగా పెట్టి కూర్చున్నప్పుడు చీలమండ బాగా వంగాలి, లేసుల చోట తోలు తెరుచుకుని ఆ వంపుకు చోటిస్తుంది. గుర్రంతో లెక్క ప్రకారం అడుగులు వేయించే డ్రస్సాజ్‌లో కాలు పొడవుగా చాచి కూర్చుంటారు కాబట్టి గట్టిగా ఉండే డ్రెస్ బూటు సరిపోతుంది.

కంబాట్ బూటు ముందంతా లేసుల కోసం తెరుచుకుంటుంది. లేసులున్న రెండు పక్క ముక్కలు పాదం ముక్క పైకి వచ్చి దాని మీద కుట్టుకుని ఉంటాయి, కిందికి దూరవు. ఆ కలిసే చోట రెండు లేదా మూడు వరుసల కుట్టు చూడండి. నడిచే ప్రతి అడుగూ అక్కడే లాగుతుంది, ఒక వరుస తెగినా పక్క వరుస పట్టుకుంటుంది. వెనక మధ్య అతుకు మీద నిలువుగా ఒక తోలు పట్టీ కుట్టి దాన్ని కప్పేస్తారు. ఇక లేసులు వదులు చేసి నాలుకను లాగండి. అసలైన కంబాట్ నమూనాలో నాలుకకు రెండు పక్కలా మడతపడే తోలు లేదా గుడ్డ కుట్టి బూటు పక్కలకు కలిపి ఉంటుంది, నీళ్లూ ఇసుకా పక్కనుంచి రాకుండా. నాలుక కింద మాత్రమే కుట్టి పక్కలు వదిలేస్తే అది పోలిక కోసం చేసిన బూటు. వియత్నాం యుద్ధకాలపు జంగిల్ బూటులో షాఫ్ట్ గుడ్డతో చేసి, పాదం లోపలి వంపు పక్కన నీరు బయటికి పోవడానికి లోహపు రంధ్రాలు పెట్టారు. ఇప్పటికీ కొన్ని ఫ్యాషన్ బూట్లలో ఆ రంధ్రాలు కనిపిస్తాయి, వెనక దారి మూసేసి, ఉత్త బొమ్మగా.

యాంకిల్ బూట్లలో చెల్సీ, చుక్కా, జోధ్‌పుర్ మూడూ అతుకులతోనే తెలిసిపోతాయి. చెల్సీలో ముందు ముక్క, వెనక ముక్క కలిసేచోట పక్కన ఎలాస్టిక్ గుడ్డ ఉంటుంది. చుక్కాలో కంబాట్ లాగే పక్క ముక్కలు పైకి వచ్చి కుట్టుకుంటాయి, కానీ లేసు రంధ్రాలు రెండు మూడు జతలే. జోధ్‌పుర్‌లో లేసు బదులు చీలమండ చుట్టూ తిరిగే పట్టీ, బకిల్. మీరు చూసిన 5 అంగుళాల "కంబాట్" ఈ కుటుంబానిదే. పక్క ముక్కలకు రెండు మూడు వరుసల కుట్టు, వెనక పట్టీ, మందమైన సోల్ ఉండొచ్చు, అవన్నీ కంబాట్ నుంచి అరువు తెచ్చుకున్నవే. ఎత్తు చీలమండ దగ్గరే ఆగింది కాబట్టి యాంకిల్ బూటు అనడమే సరి. దాన్ని నాసిరకం అనడం లేదు, ట్రెక్కింగ్‌కి కంబాట్ అనుకుని కొనకండి అంటున్నానంతే.

అలంకారం కుట్లను పూర్తిగా పక్కన పెట్టమని కాదు. కౌబాయ్ షాఫ్ట్ మీది డిజైన్ కుట్లు మొదట పని కోసమే వచ్చాయి. తోలును లోపలి అస్తరుతో కలిపి పట్టి ఉంచితే షాఫ్ట్ జారిపోకుండా నిలబడుతుంది. వరుసలు పెరిగేకొద్దీ తోలు గట్టిపడుతుంది. టో మీద ఉండే చిన్న పువ్వు లాంటి కుట్టుకూ మూలం అదే, అక్కడ అస్తరు పైకి లేవకుండా పట్టడం. ఫొటో తెప్పించుకోగలిగితే షాఫ్ట్ లోపలి వైపు అడగండి. చాలా మంచి బూట్లలో అదే నమూనా అస్తరు మీద కూడా కనిపిస్తుంది. లోపల ఏమీ లేకపోతే డిజైన్‌ను పై తోలు మీదే కుట్టి ఉంటారు. వేడితో అచ్చు గుద్దినవీ ఉన్నాయి. వాటిలో దారం ఉండదు, దగ్గర నుంచి చూస్తే గాడి మాత్రం కనిపిస్తుంది.

సోల్ అంచున కనిపించే కుట్టు దగ్గర మోసపోయేవాళ్లు ఎక్కువ, అందుకని దీని మీద కొంచెం ఆగుతాను. వెల్ట్ బూటులో పై తోలు, లోపలి సోల్ చుట్టూ ఒక తోలు పట్టీని కలిపి కుడతారు. ఆ పట్టీయే వెల్ట్. ఆ కుట్టు బయటికి కనిపించదు. తర్వాత వెల్ట్‌ను కింది సోల్‌తో ఇంకో కుట్టు వేసి కలుపుతారు. మీకు అంచున కనిపించేది ఈ రెండోది. సోల్ అరిగితే రెండో కుట్టు విప్పి కొత్త సోల్ వేయవచ్చు, పై తోలును ముట్టుకోనక్కర్లేదు. బ్లేక్ పద్ధతిలో ఒకే కుట్టు, లోపలి సోల్ నుంచి నేరుగా కింది సోల్‌లోకి. సోల్ సన్నగా, వంగేలా ఉంటుంది, కానీ నీరు ఆ కుట్టు దారిలో పైకి ఎక్కే అవకాశం ఎక్కువ. సన్నటి యాంకిల్ బూట్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మూడోది, జిగురుతో అతికించడం.

తేడా ఇలా తెలుస్తుంది. లోపల పరిచిన మెత్త పైకెత్తి లోపలి సోల్ చూడండి. చుట్టూ అంచుకు కొంచెం లోపలగా దారం వరుస కనిపిస్తే అది బ్లేక్. లోపల దారం లేకుండా, బయట అంచున కుట్టు ఉండి, అడుగున కూడా అదే కుట్టు ఒక గాడిలో చుట్టూ కనిపిస్తే వెల్ట్. అడుగున గాడిని మూసేసి ఉంటే అంత తేలిక కాదు, అప్పుడు సోల్ అంచు దగ్గర సన్నగా కోసి అతికించిన గీత కోసం చూడాలి. పైన అంచున కుట్టు అందంగా ఉండి, లోపలా కిందా ఎక్కడా దారమన్నది లేకపోతే దాదాపు ఖాయంగా అది అతికించిన పట్టీ. ఆ పట్టీని ముందే కుట్టి, తర్వాత జిగురుతో అంటించారు. కొన్నిటిలో కుట్టు కూడా రబ్బరులో పోసిన బొమ్మే. గోరుతో గీరితే దారం కదలదు.

కానీ కుట్టు లేని ప్రతి సోల్‌నూ అనుమానించకండి. బ్రిటిష్ సైన్యం చాలాకాలం వాడిన డీఎంఎస్ బూట్లలో రబ్బరు సోల్‌ను నేరుగా పై తోలుకు మౌల్డ్ చేసేవాళ్లు. అది తెలిసి చేసిన పద్ధతి, సోల్ మార్చడం మాత్రం కుదరదు. 1 ఏప్రిల్ 1960న వచ్చిన డాక్టర్ మార్టెన్స్ 1460లో రెండూ కలిశాయి: పై తోలును వెల్ట్‌తో కుడతారు, సోల్‌ను వేడితో ఆ వెల్ట్‌కు అతికిస్తారు. ఆ పసుపు దారం నిజమైన కుట్టే.

కౌబాయ్ బూటులో ఇంకో గుర్తు చూడాలి. సంప్రదాయంగా వెల్ట్ హీల్ ముందు దాకా వచ్చి ఆగుతుంది, హీల్ చుట్టూ వెళ్లదు. హీల్‌కూ పాదం ముందువైపు వెడల్పు భాగానికీ మధ్య ఉండే సన్నటి చోట సోల్‌ను చిన్న చెక్క మేకులతో బిగిస్తారు. తడికి తోలుతో పాటు చెక్క కూడా ఉబ్బి, ఆరితే తోలుతో పాటే కుంచించుకుంటుంది కాబట్టి పట్టు వదలదు. పాదం వంపు కింద అడుగున చిన్న చిన్న చుక్కల వరుసలు కనిపిస్తే అవే. రోపర్లలో, వెడల్పు చదరపు టో ఉన్నవాటిలో వెల్ట్ హీల్ చుట్టూ కూడా తిరిగిరావచ్చు.

ఇప్పుడు మీ బ్రౌన్ బూటు. పక్క అతుకులు, ముందు వంపు, షాఫ్ట్ మీద కుట్లు, స్నిప్ టో. నాలుగూ కౌబాయ్ వైపే చూపిస్తున్నాయి. 1.5 అంగుళాల హీల్ కూడా దానికి సరిపోతుంది. ఇంగ్లిష్ రైడింగ్ బూటు హీల్ సుమారు ఒక అంగుళం ఉంటుంది. జిప్ ఒక్కటే ఇందులో ఇమడదు. సంప్రదాయ కౌబాయ్ బూటులో జిప్ ఉండదు, రైడింగ్ బూటులో ఉంటే వెనక ఉంటుంది. లోపలి వైపు జిప్ అంటే నడకకూ, వేసుకోవడంలో సౌకర్యానికీ చేసిన బూటని అర్థం. స్వారీలో ఆ జిప్ సరిగ్గా గుర్రానికీ జీనుకూ ఆనే చోట ఉంటుంది. రాపిడికి పళ్లు పాడవుతాయి, జీను తోలు మీద గీతలు పడతాయి.

14.5 చుట్టుకొలత మీకు సరిపోతుందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. షాఫ్ట్‌ను పాదం వంపు దగ్గర నుంచి కొలిచారని తేలితే, ఆ చోటు దాదాపు మీ అరికాలు ఉండే మట్టంలోనే ఉంటుంది. కాబట్టి హీల్ ఎంత ఉన్నా, చెప్పుల్లేకుండా నిలబడి నేల నుంచి 12 అంగుళాల ఎత్తులో కాలి మీద గుర్తు పెట్టుకుంటే బూటు పై అంచు సుమారు అక్కడికి వస్తుంది. లోపల ఏ ప్యాంటు వేసుకుంటారో దాని మీదే అక్కడ చుట్టూ కొలవండి. 13.5 వచ్చిందనుకోండి, ఒక అంగుళం ఖాళీ ఉంటుంది, కౌబాయ్ బూటుకి అది బాగుంటుంది. 14 దాటితే నిలబడినప్పుడు పట్టినా కూర్చున్నప్పుడు అంచు కోసుకుంటుంది, ఎందుకంటే చాలామందికి పిక్క లావెక్కేది ఆ ఎత్తు దగ్గర్లోనే. 12.5 లోపు వస్తే ఊగుతుంది. నడకకు పర్వాలేదు, స్వారీకి మడతలు పడుతుంది.

ఇక స్వారీ. అమ్మినవాళ్లను అడుగు భాగం ఫొటో అడగండి. లోతైన గాళ్లున్న రబ్బరు సోల్ అయితే స్వారీకి వాడొద్దు, ఆ గాళ్లు రికాబులో పట్టుకుంటాయి. పడిపోయినప్పుడు పాదం బయటికి రాకపోవడమే అన్నిటికన్నా ప్రమాదకరమైన విషయం. నున్నటి లేదా చాలా తక్కువ గాళ్లున్న సోల్, ఒక అంగుళం దాకా స్పష్టమైన హీల్, రికాబు వెడల్పులో సులువుగా దూరి వచ్చే టో. నేర్చుకునేవాళ్లకు కావలసినవి ఈ మూడే. మీరు చూసిన బూటుకి సోల్ నున్నగా ఉన్నా, జిప్ వల్ల నేను రోజూ క్లాసుకి వేసుకోను. నేర్చుకునే దశలో పొట్టి జోధ్‌పుర్ బూటు, దాని పైన పిక్కకు విడిగా కట్టుకునే హాఫ్ చాప్స్ తీసుకోండి. రెండూ కలిపితే పొడవాటి బూటు చేసే పనే చేస్తాయి, కొలత సరిపోకపోతే ఒకదాన్నే మార్చుకోవచ్చు. మీరు నేర్చుకునేది వెస్టర్న్ జీను మీదైతే జిప్ లేని, నున్నటి తోలు సోల్ ఉన్న మామూలు కౌబాయ్ బూటు చాలు. ఏ జీనో ముందు మీ ట్రైనర్‌ని అడిగి, ఆ తర్వాతే బూటు కొనండి.